మామయ్య చెప్పిన మర్యాద ఇంగ్లీషు మెయిల్‌లో ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: మాది మంగళగిరి. మా మేనమామ చేనేత బట్టల వ్యాపారం చేస్తారు. ఇంగ్లండ్‌లో షాపు ఉన్న ఒకావిడకి మూడో ఏడాది బట్ట పంపిస్తున్నాం. మామయ్య తెలుగులో చెబితే నేను ఇంగ్లీషులో మెయిల్ రాస్తాను. ఈసారి ఆయన చెప్పింది ఇది: "మేడమ్ గారికి నమస్కారములు. తమరు కుశలమని తలుస్తాను. పంపిన రంగు ముక్కలు తమరు చూసే ఉంటారు. తమరికి తెలియనిది కాదు, వానలు మొదలైతే రంగు పని కష్టం. కాస్త వీలు చూసుకుని ఏ రంగో చెబితే మగ్గం ఎక్కిస్తాం. సరుకు ఓ రెండు వారాలు అటూ ఇటూ అయినా పెద్దమనసుతో సర్దుకోగలరని మనవి." నేను మాటకు మాట రాశాను. ఆవిడ "ఈజ్ ఎవ్రీథింగ్ ఓకే విత్ ది ఆర్డర్?" అని ఒక్క లైను పంపారు. టెన్షన్ వచ్చి, మర్యాద మాటలన్నీ తీసేసి చిన్నగా ఇంకో మెయిల్ రాశాను: "ప్లీజ్ కన్‌ఫర్మ్ ది కలర్ బై ఫ్రైడే. డెలివరీ విల్ బి టూ వీక్స్ లేట్." పంపే ముందు తెలుగులో చదివి వినిపిస్తే మామయ్య "ఇదేంటమ్మా, ఆవిడ మీద పెత్తనం చేస్తున్నట్టుంది" అన్నారు. ఆయన మర్యాద పోకుండా, ఆవిడకి అర్థమయ్యేలా ఎలా రాయాలి?

జవాబు: ముందు మామయ్యగారి మాటల్ని ఒక కాగితం మీద రాసి, మర్యాద కోసం వచ్చిన ప్రతి మాటనీ పెన్సిల్‌తో కొట్టేయండి. నమస్కారములు, కుశలం, తమరు, కాస్త, వీలు చూసుకుని, పెద్దమనసుతో, మనవి, అన్నీ పోతాయి. మిగిలేది చాలా తక్కువ. ఏ రంగు కావాలి? వానలకి ముందే తెలిస్తే మంచిది. సరుకు రెండు వారాలు ఆలస్యమైతే సర్దుకుంటారా? ఆవిడకి చేరాల్సిన సమాచారం ఇంతే. దీన్ని ఇంగ్లీషులోకి మార్చడానికి మీకు నా సాయం అక్కర్లేదు.

ఇప్పుడు కొట్టేసిన మాటల దగ్గరికి రండి. చాలామంది ఇక్కడ రెండు దారుల్లో ఒకటి పడతారు. ఒకటి, వాటన్నిటికీ ఇంగ్లీషు మాటలు వెతకడం. రెండు, ఇంగ్లీషువాళ్లకి ఇవన్నీ ఉండవులే అని వదిలేయడం. మీరు మొదటి మెయిల్‌లో మొదటి దారి, రెండో మెయిల్‌లో రెండో దారి పట్టారు. కానీ ఆ మాటలన్నీ ఒకే పని చేయడం లేదు. కొన్ని వట్టి ఆచారం. కొన్ని మాత్రం ఈ బేరంలో చాలా సున్నితమైన పని చేస్తున్నాయి. ఏది ఏదో తేల్చుకుంటే సగం అనువాదం అయిపోయినట్టే.

నమస్కారములు, కుశలమని తలుస్తాను అన్నవి ఉత్తరం మొదలుపెట్టే పద్ధతి. వాటికి "ఐ హోప్ యూ ఆర్ వెల్" చాలు. మేడమ్ గారు, తమరు అన్నవి మనిషికి ఇచ్చే స్థానం. తెలుగులో ఈ స్థానం నువ్వు, మీరు, తమరు అన్న మెట్ల మీద, క్రియ చివర మీద తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఉన్నది ఒక్క యూ. కాబట్టి ఆ స్థానం మాటలో పెట్టలేరు, వాక్యం కట్టే తీరులో పెట్టాలి. అదెలాగో తర్వాత చెబుతాను. ఇక "చూసే ఉంటారు", "తమరికి తెలియనిది కాదు", "చెబితే ఎక్కిస్తాం", "సర్దుకోగలరని మనవి" అన్న నాలుగింటిలోనే మీ మామయ్యగారి అసలు నేర్పు ఉంది. మొదటి మెయిల్ చెడింది కూడా ఈ నాలుగు చోట్లే.

"చూసే ఉంటారు" అన్నప్పుడు ఆయన ఉద్దేశం, ఆవిడ తన పని చేసే ఉంటారని ముందే ఒప్పేసుకోవడం. తప్పు ఎత్తి చూపకుండా గుర్తు చేయడం. అదే మాటను "యూ మస్ట్ హావ్ సీన్ ది కలర్ పీసెస్" అంటే, చూసి కూడా చెప్పలేదేం అని నిలదీసినట్టు వినిపిస్తుంది. "తమరికి తెలియనిది కాదు" ఇంకా చిత్రమైనది. మనం ఎదుటివాళ్లకి కొత్త విషయం చెబుతూ, మీకు తెలుసులెండి అని గౌరవం కాపాడతాం. ఇంగ్లీషులో "యాజ్ యూ నో" అన్నాక నిజంగా తెలిసిన విషయమే రావాలి. రంగు వేసిన నూలు ఆరడానికి ఎండ కావాలని ఇంగ్లండ్‌లో షాపు నడిపే ఆవిడకి తెలియకపోవచ్చు. అలాంటప్పుడు "యాజ్ యూ నో" చదివి, ఇది నాకు ఎప్పుడో చెప్పారా, నేను మర్చిపోయానా అని ఆవిడ తడుముకుంటారు. పాత మెయిళ్లు వెతికినా వెతుకుతారు.

"పెద్దమనసుతో సర్దుకోగలరని మనవి" అన్నదాన్ని మీరు ఎలా రాశారో చెప్పలేదు. "కైండ్లీ అడ్జస్ట్ విత్ బిగ్ హార్ట్" లాంటిదేదో రాసి ఉంటారని అనుకుంటున్నాను. అలా రాస్తే ఏదో పెద్ద నష్టం జరిగిందని, దాన్ని క్షమించమంటున్నారని అర్థమవుతుంది. దానికి ముందు "అటూ ఇటూ" ఉంది, తేదీ లేదు. ఏం జరిగిందో చెప్పకుండా క్షమించమని అడిగితే ఎవరికైనా గుండె జారుతుంది. ఆర్డర్ బాగానే ఉందా అన్న ఆవిడ ప్రశ్న అందుకే వచ్చింది. ఆవిడకి మీ మీద కోపం రాలేదు, కంగారు పడ్డారంతే.

ఇక్కడ "గలరు" గురించి ఒక మాట. ప్రయాణికులు గమనించగలరు, సభ్యులు సహకరించగలరు, వెంటనే పంపగలరు అని మనం రోజూ చదువుతాం. చూడటానికి అది చేయగల శక్తి గురించి చెప్పే రూపం. వాడుకలో అది పూర్తిగా వినతి. దాన్ని "యూ కెన్ సెండ్" అని రాసేవాళ్లను నేను చాలామందిని చూశాను. ఇంగ్లీషులో అది అనుమతి ఇవ్వడం. కావాలంటే పంపుకోండి, మాకేం అభ్యంతరం లేదు అన్నట్టు. కింద నుంచి పైకి చేసిన వినతి ఒక్కసారిగా పై నుంచి కిందికి ఇచ్చిన సెలవు అయిపోతుంది.

దయచేసి, ప్లీజ్ జంట కూడా ఇలాంటిదే. బస్సులో మనం "కొంచెం జరగండి" అంటాం, "దయచేసి జరగండి" అనం. ఎందుకంటే ఆ "అండి"లోనే మర్యాద ఉంది. ఇంగ్లీషు క్రియకి అలాంటి తోక లేదు కాబట్టి "ప్లీజ్" ఆ లోటు తీరుస్తుంది. తెలుగులో దయచేసి అని లేకపోయినా, "ండి" ఉన్న ప్రతి చిన్న వినతికీ ఇంగ్లీషులో "ప్లీజ్" కావాలి. తెలుగులో ఎవరైనా నిజంగా దయచేసి అని గట్టిగా అన్నారంటే మాత్రం "ప్లీజ్" సరిపోదు, వాక్యమే మారాలి.

మీ రెండో మెయిల్ గురించి మామయ్యగారు అన్నది సగం నిజం. "ప్లీజ్ కన్‌ఫర్మ్ ది కలర్ బై ఫ్రైడే" అన్న మొదటి వాక్యంలో అమర్యాద లేదు, కాస్త పొడిగా ఉంది అంతే. రంగు చెప్పడం ఆవిడ వంతు పని, చిన్న పని, ఆవిడకే లాభం. ఆయన అభ్యంతరం నిజంగా తగలాల్సింది రెండో వాక్యానికి. "డెలివరీ విల్ బి టూ వీక్స్ లేట్" అంటే నిర్ణయం అయిపోయింది, మీకు తెలియజేస్తున్నాం అని. మామయ్యగారు అడిగింది ఆవిడ సమ్మతి. మీ వాక్యంలో సమ్మతికి చోటే లేదు. మాటలు కాదు, అడగడమే పోయింది.

ఈ తేడా ఆయన తెలుగులోనే స్పష్టంగా ఉంది, చూడండి. రంగు దగ్గర "కాస్త వీలు చూసుకుని చెబితే" అన్నారు. గడువు దగ్గరికొచ్చేసరికి "మనవి" అన్నారు. చిన్న కోరికకి చిన్న వంగుడు, పెద్ద కోరికకి పెద్ద వంగుడు. మీ మొదటి మెయిల్‌లో రెండింటికీ ఒకే ఎత్తు వచ్చి ఉంటుంది, బహుశా రెండు చోట్లా "కైండ్లీ". మీరు ఇంగ్లీషులోకి దాటించాల్సింది ఈ ఎత్తుల తేడాని. నా దృష్టిలో ఈ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

1978లో పెనలోప్ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు మర్యాద మీద చేసిన పని అచ్చయింది. వాళ్లు ప్రధానంగా చూసిన మూడు భాషలు ఇంగ్లీషు, మెక్సికోలోని జెల్టాల్, మన పక్కనున్న తమిళం. ఒక కోరిక ఎంత బరువైనదో మూడు విషయాలు తేలుస్తాయని వాళ్లన్నారు: ఇద్దరి మధ్య ఎంత దూరం, ఎవరిది పైచేయి, అడుగుతున్నది ఎంత పెద్దది. తెలుగులో మనం మొదటి రెండింటికి పెద్ద పీట వేస్తాం. మీ మామయ్యగారు ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆవిడని మేడమ్ గారు అనే అంటారు, అడిగేది గుండుసూది అయినా సరే. ఇంగ్లీషు వ్యాపార ఉత్తరాల్లో దూరం త్వరగా తగ్గిపోతుంది, మూడో ఏడాదికి హాయ్ వరకూ వచ్చేస్తారు. కానీ అడిగేది పెద్దదైతే, ఎంత చనువున్నా వాక్యం మెత్తబడి తీరాలి. అందుకే ఆవిడ "హాయ్" చూసి చనువు తీసుకుని గడువు విషయం పొడిగా చెప్పేస్తే తప్పు. ఆయన "తమరు" చూసి రంగు విషయం కూడా బతిమాలినట్టు రాస్తే అదీ తప్పే.

ఇక మెట్లు ఎలా ఉంటాయో చెబుతాను. వీటిని మాటకు మాటగా తీసుకోవద్దు, ఎత్తుకు ఎత్తుగా చూసుకోండి. "చెప్పండి" అన్న చోట "ప్లీజ్ లెట్ అస్ నో". "కాస్త చెబుతారా" అన్న చోట "కుడ్ యూ లెట్ అస్ నో". "మీకు వీలవుతుందా" అన్న చోట "వుడ్ యూ బి ఏబుల్ టు". "మనవి" స్థాయికి వచ్చేసరికి "వుడ్ ఇట్ బి పాసిబుల్ టు" లేదా "వియ్ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యూ కుడ్". పైకి వెళ్లేకొద్దీ రెండు జరుగుతున్నాయి. ఆజ్ఞ ప్రశ్నగా మారుతోంది, కాదనడానికి చోటు పెరుగుతోంది. తెలుగులో ఎదుటి మనిషిని పైకి ఎత్తి గౌరవిస్తాం, ఇంగ్లీషులో ఆ మనిషికి తప్పుకునే దారి వదిలి గౌరవిస్తారు.

మీ మామయ్యగారు కూడా దారి వదిలారు కదా అంటారేమో. వదిలారు, "చెబితే మగ్గం ఎక్కిస్తాం" అన్న చోట. ఆ "తే" చాలా విలువైనది. చెప్పండి అనలేదు, చెబితే మా పని సాగుతుంది అన్నారు. ఇది దాదాపు అలాగే ఇంగ్లీషులోకి దిగుతుంది, "ఇఫ్" పెట్టి. అంతేకాదు, తేదీ సమస్య కూడా ఇక్కడే తీరుతుంది. పెద్దవాళ్లకి గడువు పెట్టడం మనకి మర్యాద కాదు. అందుకే ఆయన ఏ తేదీ చెప్పలేదు. ఇంగ్లీషులో తేదీ లేని వినతి చదివేవాళ్లకి భారం. ఎప్పటిలోగా, ఎంత తొందర అన్నది వాళ్లే ఊహించుకోవాలి. "బై ఫ్రైడే" అంటే తేదీ ఆవిడ నెత్తిన పెట్టినట్టు. "ఇఫ్ వియ్ హావ్ యువర్ చాయిస్ బై ద ట్వెంటియత్, వియ్ కెన్ ఫినిష్ ది డయింగ్ బిఫోర్ ది రెయిన్స్" అంటే ఆ తేదీ వానది, రంగుల పనిది. ఆవిడ మీద ఎవరూ పెత్తనం చేయలేదు. మామయ్యగారు కూడా ఒప్పుకుంటారు, ఎందుకంటే ఆ వాక్యం కట్టిన తీరు ఆయనదే.

రాయడానికి కూర్చునే ముందు ఆయన్ని రెండు విషయాలు అడగాలి. తెలుగు వాటిని మర్యాదగా దాచేసింది, ఇంగ్లీషు దాచనివ్వదు. ఒకటి, "రెండు వారాలు అటూ ఇటూ" అంటే ఖచ్చితంగా రెండు వారాలా, లేక మూడైనా కావచ్చా? ఆయన మనసులో మూడు ఉండి మీరు రెండు అని రాస్తే, ఆ మర్యాద తర్వాత మాట తప్పడం అవుతుంది. అనుమానం ఉంటే పెద్ద అంకే రాయమనండి. రెండు, ఆలస్యం ఎందుకు? దీనికి ఆయన వెంటనే జవాబు చెప్పరని నా అనుమానం. రంగు ముక్కలు పంపి రోజులైంది, ఆవిడ చెప్పలేదు. నూలుకి రంగు పడకుండా పడుగు సిద్ధం కాదు, పడుగు లేకుండా మగ్గం ఆడదు. అంటే ఆలస్యంలో ఆవిడ వాటా ఉంది. ఆయన ఆ మాట ఎక్కడా అనకుండా, ఆలస్యాన్ని తన మీద వేసుకుని, ఆవిడనే సర్దుకోమని అడిగారు. ఉత్తరం మొత్తంలో పెద్ద మర్యాద తమరు కాదు, ఇది.

దీన్ని ఇంగ్లీషులో కాపాడటం తేలికే, కానీ తెలిసి చేయాలి. "బికాజ్ యూ హావ్ నాట్ రిప్లయిడ్" అని రాస్తే నిజమే కానీ ఆయన మూసిన తలుపు మీరు తెరిచినట్టు. "వియ్ ఆర్ వెరీ సారీ ఫర్ అవర్ డిలే" అని రాస్తే లేని తప్పు కాగితం మీద ఒప్పుకున్నట్టు. ఆర్డర్ కాగితం మీద తేదీ ఉండి, రేపు ఏదైనా తేడా వస్తే ఆ వాక్యం మీకే ఎదురు తిరుగుతుంది. ఆయన "పెద్దమనసు" అన్నది క్షమాపణ కాదు, ఆవిడ మనసుని పొగడటం. అందుకని చేసినవాళ్లెవరో లేకుండా రాయండి: "ది డయింగ్ విల్ స్టార్ట్ ఎ లిటిల్ లేటర్ దాన్ ప్లాన్డ్." రంగు పని ఆలస్యంగా మొదలవుతుంది, అంతే. ఎవరి వల్లో వాక్యంలో లేదు. ఆవిడకి తెలుస్తుంది, మీరు అనలేదని కూడా తెలుస్తుంది.

ఇప్పుడు పిలుపు. ఆవిడ మెయిల్ కింద ఏ పేరు రాసి పంపుతారో ఆ పేరుతోనే పిలవండి. మీరు పేరు చెప్పలేదు కాబట్టి సారా అనుకుందాం. "డియర్ సారా." మామయ్యగారికి ఇది ఇబ్బందే, ఆడమనిషిని, అందులోనూ కొనేవారిని పేరు పెట్టి పిలవడమా అని. ఆయనకి ఇలా చెప్పండి: ఇంగ్లండ్‌లో "డియర్ మేడమ్" అని పేరు తెలియని మనిషికి రాస్తారు. మూడేళ్ల నుంచి సరుకు కొంటున్న ఆవిడకి అలా రాస్తే గౌరవం కనపడదు, మీరెవరో మాకు గుర్తు లేదు అన్నట్టు ఉంటుంది. ఆవిడ "హాయ్" అని రాసినా మీరు "డియర్" దగ్గరే ఆగండి. ఆ ఒక్క మెట్టు తేడా చాలు, గారు అక్కడ ఉన్నట్టే. ఇంటిపేరుతో పిలవాల్సి వస్తే మిస్టర్, మిజ్ అన్నవి ఇంటిపేరుకే తగిలించాలి. "మిజ్ సారా" అని రాయకండి.

అన్నీ కలిపితే ఉత్తరం ఇలా వస్తుంది. తేదీలు నేను ఊహించి వేశాను, మీవి మీరు వేసుకోండి. మన లిపిలోనే రాస్తున్నాను, గట్టిగా చదివి స్వరం వినడానికి.

"డియర్ సారా,

ఐ హోప్ యూ ఆర్ వెల్. ఐ యామ్ రైటింగ్ ఆన్ బిహాఫ్ ఆఫ్ మై అంకుల్.

వియ్ హోప్ ది త్రీ కలర్ శాంపిల్స్ రీచ్డ్ యూ సేఫ్లీ. కుడ్ యూ లెట్ అస్ నో విచ్ వన్ యూ వుడ్ లైక్? ఇఫ్ వియ్ హావ్ యువర్ చాయిస్ బై ట్వెంటియత్ మే, వియ్ కెన్ ఫినిష్ ది డయింగ్ బిఫోర్ ది రెయిన్స్ స్టార్ట్ హియర్ ఇన్ జూన్. ఆఫ్టర్ దట్, ది యార్న్ టేక్స్ మచ్ లాంగర్ టు డ్రై.

మై అంకుల్ వుడ్ ఆల్సో లైక్ టు ఆస్క్ ఎబౌట్ ది డెలివరీ డేట్. ది డయింగ్ విల్ స్టార్ట్ ఎ లిటిల్ లేటర్ దాన్ ప్లాన్డ్. వుడ్ ఇట్ బి పాసిబుల్ టు మూవ్ ది డెలివరీ ఫ్రమ్ ఫిఫ్టీన్త్ జులై టు ట్వెంటీనైన్త్ జులై? ఇఫ్ దట్ ఈజ్ డిఫికల్ట్ ఫర్ యూ, వియ్ కుడ్ సెండ్ హాఫ్ ది ఫాబ్రిక్ ఆన్ ది ఫిఫ్టీన్త్ అండ్ ది రెస్ట్ టూ వీక్స్ లేటర్. ప్లీజ్ లెట్ అస్ నో విచ్ వుడ్ సూట్ యూ బెటర్.

హి సెండ్స్ యూ హిజ్ రిగార్డ్స్."

ఏది ఎక్కడికి పోయిందో చూడండి. "చూసే ఉంటారు" స్థానంలో "సేఫ్లీ రీచ్డ్" వచ్చింది. ఆవిడ చూశారా లేదా అన్న ప్రశ్న వదిలేసి, క్షేమంగా అందాయని ఆశ పడ్డాం. అందకపోయి ఉంటే ఆవిడ చెప్పడానికీ వీలుంది. "తమరికి తెలియనిది కాదు" పోయి, తెలియనివాళ్లకి చెప్పినట్టు చిన్న కారణం వచ్చింది. కారణం చెప్పడం అక్కడ సంజాయిషీ కాదు, గౌరవం. "కాస్త వీలు చూసుకుని" పోయింది. దాన్ని "వెన్ యూ ఆర్ ఫ్రీ" అని రాస్తే ఎప్పుడైనా ఫర్వాలేదు అని నమ్మేస్తారు. దాని పని "కుడ్ యూ" చేస్తుంది. "పెద్దమనసు" స్థానంలో సగం సరుకు ముందే పంపుతామన్న మాట ఉంది. ఇది మామయ్యగారిని అడగకుండా రాయకండి. ఆయన కుదరదంటే ఆ వాక్యం తీసేసి "ప్లీజ్ టెల్ అస్ ఇఫ్ దట్ ఈజ్ డిఫికల్ట్ ఫర్ యూ" అని ఆపేయండి. మెయిల్ పైన సబ్జెక్ట్ లైనులో రెండు విషయాలూ కనపడాలి, "కలర్ చాయిస్ అండ్ డెలివరీ డేట్" అని. అర్జెంట్ అని పెట్టొద్దు.

ఇదే ఉత్తరం హైదరాబాద్‌లోనో ముంబైలోనో ఉన్న కంపెనీకి వెళ్లేదైతే ఇంత మార్చక్కర్లేదు. "రెస్పెక్టెడ్ మేడమ్", "కైండ్లీ డు ది నీడ్‌ఫుల్" మన ఆఫీసుల్లో మామూలు మర్యాదే, చదివేవాళ్లూ అలాగే తీసుకుంటారు. అది తప్పు ఇంగ్లీషు అని ఎగతాళి చేసేవాళ్లంటే నాకు చిరాకు. అదే మాట ఇంగ్లండ్ వెళ్తే మాత్రం "కైండ్లీ"లో విసుగు దాచుకున్న హెచ్చరిక వినిపించవచ్చు. అక్కడి నోటీసు బోర్డుల మీద అది ఎక్కువగా వద్దు, చేయకండి అన్న చోట కనపడుతుంది. "రివర్ట్" కూడా అంతే. మనకి జవాబివ్వడం, వాళ్లకి పాత స్థితికి వెళ్లిపోవడం. శాంపిల్స్ గురించి "ప్లీజ్ రివర్ట్" అంటే, పోయినేడాది రంగుకే వెళ్లిపోదామా అని ఆవిడ అడిగినా ఆశ్చర్యం లేదు.

ఇక మామయ్యగారికి చదివి వినిపించడం. మీరు ఇంగ్లీషు వాక్యాన్ని అలాగే తెలుగు చేసి వినిపించారు. అలా చేస్తే ఎంత మంచి ఇంగ్లీషు ఉత్తరమైనా తెలుగులో మొరటుగానే ఉంటుంది, "నీ ఎంపిక మాకు ఇరవైలోగా ఉంటే" అన్నట్టు. వినిపించేటప్పుడు ఎత్తుని కూడా తెలుగులోకి తిరిగి మార్చండి. "మామయ్యా, ఏ రంగు కావాలో కాస్త చెబుతారా అని అడిగాను. ఇరవైలోగా చెబితే వానలకి ముందే రంగు పని అయిపోతుందని చెప్పాను. గడువు ఇరవై తొమ్మిదికి జరపడం వీలవుతుందా అని అడిగాను, కుదరకపోతే సగం ముందు పంపుతామన్నాను. ఆలస్యం ఎవరిదని అనలేదు." చివరి వాక్యం తప్పకుండా చెప్పండి. ఆయన ముఖంలో తేడా మీకే కనపడుతుంది.

సరిగ్గా కుదిరిందో లేదో ఆవిడ జవాబు చెప్పేస్తుంది. ఏమైంది, అంతా బాగేనా అని వస్తే మరీ వంగిపోయారు. "థాంక్స్ ఫర్ లెటింగ్ మి నో" అని మాత్రమే వచ్చి రంగు గానీ తేదీ గానీ లేకపోతే, అడిగినట్టు ఆవిడకి తెలియలేదు. "కుడ్", "వుడ్"ల మీద "జస్ట్", "పర్‌హాప్స్", "పాసిబ్లీ" పేర్చినప్పుడు ఇలా అవుతుంది. ఒక వాక్యంలో ఒక మెత్తదనం చాలు. ముక్తసరిగా "నోటెడ్" అని వస్తే, గడువు విషయం మీరు చెప్పేశారు, అడగలేదు అని అర్థం. ఆవిడ సరే అంటే, కొత్త తేదీ వేసి "థాంక్యూ ఫర్ అగ్రీయింగ్ టు ది ట్వెంటీనైన్త్" అని ఒక లైను తిరిగి పంపండి. అటూ ఇటూ అన్నది అప్పుడు కాగితం మీద ఖాయమవుతుంది.

వారం దాటినా జవాబు రాకపోతే గుర్తు చేయాలి. ఇక్కడ మామయ్యగారితో మళ్లీ ఒక చిన్న పేచీ ఉంటుంది. తెలుగులో రెండోసారి అడిగేటప్పుడు మర్యాద పెంచుతాం, అన్యథా భావించవద్దు, తమరి పనుల ఒత్తిడి తెలుసు అని. ఇంగ్లీషులో రెండో ఉత్తరం మొదటిదానికన్నా పొట్టిగా ఉండాలి. పొడవు పెరిగితే ఫిర్యాదులా ఉంటుంది. మొదటి మెయిల్‌కే రిప్లై కొట్టి, గడువు ఊసు మళ్లీ ఎత్తకుండా, రంగు ఒక్కటే అడగండి: "డియర్ సారా, హావ్ యూ హాడ్ ఎ ఛాన్స్ టు లుక్ ఎట్ ది కలర్స్? ఇఫ్ వియ్ హియర్ ఫ్రమ్ యూ బై ద ట్వెంటియత్, వియ్ కెన్ స్టిల్ డై ది యార్న్ బిఫోర్ ది రెయిన్స్." ఆ "స్టిల్" ఒక్కటీ ఉంచండి. ఇంకా టైమ్ ఉంది, కానీ ఎక్కువ లేదు అని చెప్పే పని అది చూసుకుంటుంది.